ఒక్క రాకతో అయ్యే పని

"ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేదాకానే గడువు. ఆ తర్వాత నువ్వు కాళ్లావేళ్లా పడినా ఆ రాజీనామా వెనక్కి రాదు. తెలుసుగా?" అన్నాడు కొడుకు, ముందున్న పళ్లేన్ని అవతలికి నెట్టేసి.

కోడలు తలెత్తలేదు. భోజనాల బల్ల మీద వాషింగ్ మెషిన్ సామాన్లు పరిచి, పాత గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే ఖాకీ సంచిలో సర్దుతోంది. నీళ్లు బయటికి తోడే చిన్న మోటారు, బెల్టులు, మూత కింద ఉండే స్విచ్చి, మోటారు తిరగడానికి ఊతమిచ్చే బొటనవేలంత కెపాసిటర్. వాటికి చోటివ్వడానికి టిఫిను గిన్నెలు బల్ల చివరికి జరిగిపోయి, ఇంకాస్త జరిగితే కింద పడేలా ఉన్నాయి.

"తెలుసండీ. రాసింది నేనే కదా" అంది.

"రాసేముందు నన్నడగలేదు."

"అడిగాను. మీరు టీవీ చూస్తూ ఊ అన్నారు."

"ఊ అంటే ఒప్పుకున్నట్టా?"

"పెళ్లిచూపుల్లో కూడా మీరు ఊ అనే అన్నారు."

అత్తగారికి నవ్వు వచ్చింది. నవ్వితే కోడలి పక్షం అయిపోతుందని వంటగదిలోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేసింది. ఆ ఇంట్లో ఆవిడ కోపం ఎంతుందో గిన్నెల మోతను బట్టి తెలిసిపోతుంది.

ఇంజనీరుగారు కిటికీ పక్క కుర్చీలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చదువుతున్నది ఏ పేజీ అని అడిగితే చెప్పలేరు.

"నాన్నా, మీరు మాట్లాడరేం? బొమ్మ గీసింది మీరే కదా!"

గీశారు. కాగితం మిల్లులో యంత్రాల మరమ్మతు చూసే ఇంజనీరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయనకు అదే పని. వీధి చివర టీకొట్టులో కూర్చుంటారు. పక్కవాడు ఏదో ఒకటి వాపోతాడు. ఆ బాధ తీర్చే వ్యాపారం ఒకటి అక్కడికక్కడే కాగితం మీద బొమ్మ గీసి, చింపి, వాడి చేతిలో పెడతారు. తీసుకున్నవాళ్లు మడిచి జేబులో పెట్టుకుంటారు, మరుసటి వారం జేబుతో సహా ఉతికేసుకుంటారు. ఇన్నాళ్లలో ఒక్కడూ మొదలుపెట్టిన పాపాన పోలేదు. మొదలుపెట్టిన మొదటి మనిషి ఆయన సొంత కోడలు. విడిభాగాల గోడౌనులో ఇన్‌చార్జి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ మొదలుపెట్టింది.

చెప్పుకుంటే బాగుండదు గానీ, ఆయనకు లోపల గర్వంగా ఉంది. ఆ గర్వం మొహంలో కనిపిస్తుందనే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

"నేనేం మాట్లాడను? తన ఉద్యోగం, తన బుర్ర" అన్నారు పేపరు వెనక నుంచి.

"ఆహా! ఊళ్లోవాళ్లకి ఇచ్చినన్నాళ్లూ వేడుకగానే ఉంది" అంది ఆయన ఇల్లాలు వంటగది గుమ్మంలోకి వచ్చి. "ఇద్దరి జీతాల మీద నడిచే ఇల్లు ఇది. ఏమండీ, నేనొకటి అడుగుతాను. వాషింగ్ మెషిన్ పాడైతే మెకానిక్ రెండుసార్లు తిరుగుతున్నాడని అందరూ గోల పెడతారు, సరే. ఒక్కసారే వచ్చేలా చేస్తామంటే ఎవరు డబ్బిస్తారు? గోల పెట్టేవాళ్లందరూ కొంటారా?"

"కొంటారు. బాధ ఉన్నచోట బేరం ఉంటుంది" అన్నారాయన.

"మోకాళ్ల నొప్పి నాకూ ఉంది. బేరమేదీ చెయ్యలేదే నేను!"

కోడలు సంచి జిప్పు లాగింది. "అత్తయ్యా, మీరన్నదానికి జవాబు ఇవాళే తెలుస్తుంది. మెకానిక్ టీకొట్టుకి వస్తానన్నాడు. ఊ అంటాడో ఊహూ అంటాడో చూసి వస్తాం."

"ఊహూ అంటే?" అన్నాడు కొడుకు.

కోడలు సంచి భుజాన వేసుకుంది. కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. తలుపు వేసిన చప్పుడు గిన్నెల మోతను మించింది.

* * *

టీకొట్టు నడిపేవిడను అందరూ గంటక్క అంటారు. టీ తయారైతే గ్లాసు మీద చెంచాతో గంట కొడుతుంది. ఇంజనీరుగారి బల్ల మీద ఎవరూ కూర్చోకుండా చూడడం, కూర్చున్నవాళ్లని కళ్లతోనే లేపడం కూడా ఆవిడ పనే.

వాళ్లు వెళ్లేసరికి క్షవరం షాపాయన కాచుకుని ఉన్నాడు.

"ఇంజనీరుగారూ, పొద్దున్నంతా ఈగలు తోలుకుంటున్నా. సాయంత్రం అయ్యేసరికి గుంపు. సగంమంది చూసి వెళ్లిపోతున్నారు. దీనికేదైనా గియ్యండి."

"వెళ్లిపోయినవాళ్లు ఎక్కడికి పోతున్నారు?"

"ఏమో."

"ఏమో అంటే కుదరదు. వేరే షాపుకి పోతే నీకు నష్టం. మర్నాడు నీ దగ్గరికే వస్తే నష్టం లేదు, వట్టి చిరాకు. పోనీ, పొద్దున రమ్మని ఎవరికైనా చెప్పి చూశావా? తగ్గించి చేస్తానన్నావా?"

"లేదండీ."

"అయితే ఈ బాధ నిన్నింకా అంత కుట్టలేదన్నమాట. నిజంగా కుట్టినవాడు ఏదో ఒక వంకర దారి అప్పటికే తొక్కుతూ ఉంటాడు. ముందు రేపట్నుంచి వారం పాటు, వెళ్లిపోయేవాళ్లని ఎక్కడికని అడుగు. తర్వాత గీస్తా."

క్షవరం షాపాయన నిరాశగా టీ తాగాడు. కోడలు మామగారివైపు మెచ్చుకోలుగా చూసింది. ఎవరైనా బాధ చెప్పగానే ఆయన పెన్ను తియ్యరు. బాధ ఎవరిది, ఇప్పుడెలా నెట్టుకొస్తున్నారు, తీరితే ఎవరికి లాభం అని తరచి తరచి అడుగుతారు. ఆ తర్వాతే గీత పడుతుంది. అప్పుడు కూడా, ముందు యంత్రాలూ గింత్రాలూ కొనకుండా చేత్తో చేసి చూడమంటారు.

వాషింగ్ మెషిన్ విషయంలో మాత్రం ఆయన తన మాట తానే తప్పారు. ఆ బొమ్మలో మెషిన్‌కి అంటించే ఒక చిన్న డబ్బా ఉండేది. మెషిన్ వణుకును బట్టి ఏ భాగం పాడైందో ముందే చెప్పే డబ్బా. ముచ్చటపడి గీసుకున్నారు. కోడలు ఆ డబ్బా మీద అడ్డంగా గీత కొట్టేసింది. "మామయ్యా, డబ్బా ఎందుకు? ఫోన్లో నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. మిగిలింది సంచి చూసుకుంటుంది" అంది. ఆ గీత ఆయనకు ఇంకా కాస్త మంటగానే ఉంది.

మెకానిక్ వచ్చాడు. బైకు దిగకుండానే టీ తీసుకున్నాడు.

కోడలు సంచి తెరిచి చూపించింది. "చూడన్నా. ఇప్పుడు నువ్వు ఒకసారి వెళ్లి ఏం పాడైందో చూస్తావు. బజారుకి పోయి ఆ సామాను కొంటావు. ఇంకోరోజు వెళ్లి వేస్తావు. ఇకమీదట ఇంటివాళ్లకి ముందు నేను ఫోను చేస్తాను. మెషిన్ వెనకున్న స్టిక్కరు ఫొటో పంపమంటాను, దాంతో మోడల్ తెలుస్తుంది. చప్పుడూ వాసనా అడుగుతాను. సరిపడే సామాన్లు సంచిలో పెట్టి నీకిస్తాను. వేసిన సామానుకే లెక్క. వెయ్యనిది వెనక్కి ఇచ్చెయ్యి. నువ్వు ముందు ఏమీ పెట్టక్కర్లేదు."

మెకానిక్ సంచి చూశాడు. బెల్టు వేళ్ల మధ్య సాగదీసి, మంచిదేనని తల ఊపాడు. ఇంజనీరుగారికి గుండె తేలికపడింది.

"బాగుందమ్మా. కానీ నాకొద్దు."

"ఎందుకని?"

"చూడ్డానికి వెళ్తే ఒక చార్జి, వెయ్యడానికి వెళ్తే ఇంకో చార్జి. ఒక్కసారే వెళ్తే ఒక చార్జి పోయినట్టేగా. మిగిలిన టైములో ఇంకో ఇల్లు చేసుకోవచ్చు కదా అంటారేమో, నాకు అన్ని కాల్స్ ఎక్కడున్నాయి? సామాను మీద కూడా రెండు రాళ్లు మిగుల్తాయి. అది మీరు తీసుకుంటే నాకేముంటుంది? తప్పుగా అనుకోకండి ఇంజనీరుగారూ."

తప్పుగా అనుకోవడానికేమీ లేదు. ఉన్నమాటే అన్నాడు. గ్లాసు ఇచ్చేసి వెళ్లిపోయాడు.

ఇంజనీరుగారికి మొహం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. క్షవరం షాపాయన్ని ఇందాకే అన్ని ప్రశ్నలు వేసి, ఇక్కడ అసలు ప్రశ్న తానే వెయ్యలేదు. బాధపడేది ఇంటివాళ్లు. మారాల్సింది మెకానిక్. ఆ రెండో రాక మెకానిక్‌కి బాధ కాదు, బతుకుతెరువు. ఇల్లాలు పొద్దున అడిగింది ఇదే. తాను 'బాధ ఉన్నచోట బేరం' అంటూ కొట్టిపారేశారు.

"అమ్మాయ్" అన్నారు. "నేను గీసింది తప్పు. మొదట్లోనే తప్పు. సాయంత్రం దాకా టైముంది. వెళ్లి ఆ రాజీనామా వెనక్కి తీసుకో. నా ముచ్చటకి నీ ఉద్యోగం పోతే నేను తట్టుకోలేను."

గంటక్క ఆయన ముందు టీ పెట్టింది. గంట కొట్టకుండానే పెట్టింది.

కోడలు సంచిలో సామాన్లు మళ్లీ సర్దింది. సర్దుతూనే మాట్లాడింది.

"మామయ్యా, రెండో రాక వల్ల మెకానిక్‌కి లాభం. మరి ఎవరికి నష్టం?"

"ఇంటివాళ్లకి. కానీ వాళ్లు ఏడాదికి ఒకసారి పిలుస్తారు. ఆ ఒక్కసారి కోసం వాళ్లేం కడతారు?"

"కట్టరు. వాళ్లు కాదు. గ్యారంటీలో ఉన్న మెషిన్ పాడైతే?"

ఆయన గ్లాసు ఎత్తినవారల్లా ఆగిపోయారు.

"కూడలిలో టీవీలు, వాషింగ్ మెషిన్లు అమ్మే షాపు ఉంది కదా. కంపెనీ గ్యారంటీ అయిపోయాక కూడా ఇంకో రెండేళ్లు మాదే పూచీ అని బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు. ఆ రెండేళ్లూ రిపేరుకి ఇంటివాళ్లు పైసా ఇవ్వరు. మెకానిక్‌లకి నెలజీతం షాపాయనిస్తాడు. బండి ఖర్చూ ఆయనదే. అంటే వృథాగా పోయే ప్రతి రాకా ఆయన జేబులోంచే. మా గోడౌను నుంచి ఆ షాపుకి సామాను ఎలా వెళ్లేదో తెలుసా? ఒక్కొక్క బెల్టు, ఒక్కొక్క స్విచ్చి, అర్జంటు అర్జంటు అని. మెకానిక్ ఇంటి ముందు నిలబడి ఫోను చేసేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఎందుకలా కొంటున్నారో ఇప్పుడు అర్థమైంది."

వంకర దారి తొక్కుతున్నవాడు దొరికాడు. దొరికింది ఆయనకు కాదు, ఆవిడకి. ఇంజనీరుగారు మిల్లులో ఎంతోమంది కుర్ర ఇంజనీర్లకి పని నేర్పారు. ఒక తప్పును ఇంత త్వరగా, ఇంత నెమ్మదిగా సరిదిద్దినవాళ్లని చూడలేదు.

"పద" అన్నారు లేస్తూ. టీ సగం అలాగే వదిలేశారు. గంటక్క ఆ గ్లాసు తీసి పక్కన పెట్టింది. మామూలుగా అయితే ఊరుకునే మనిషి కాదు.

* * *

షాపాయన గల్లా దగ్గర కూర్చుని ఎవరి మీదో ఫోన్లో అరుస్తున్నాడు. "మళ్లీ రేపా? నిన్ననే వెళ్లొచ్చావు కదయ్యా!" అని ఫోను పెట్టేశాడు. కోడలు మామగారివైపు ఓరగా చూసింది. ఇంతకంటే మంచి సమయం కుదరదు.

కోడలు చెప్పింది, షాపాయన విన్నాడు. సంచి ఎలా నింపేదీ, మిగిలిన సామాను సాయంత్రం ఎలా వెనక్కి తీసుకునేదీ, మర్నాటికి మళ్లీ ఎలా సిద్ధం చేసేదీ చెప్పింది.

"మీరు సామాను కొని నిలవ పెట్టుకోనక్కర్లేదు. వాడినదానికే బిల్లు. నా ప్రతిఫలం అంటారా, ఒక్క రాకతో పని అయితేనే ఇవ్వండి. రెండోసారి వెళ్లాల్సివస్తే నాకేమీ వద్దు."

"ఏమీ వద్దా?"

"వద్దు. నా అంచనా తప్పితే నష్టం నాదే కావాలి. లేకపోతే నేను జాగ్రత్తగా అడగను."

షాపాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ మాట మనసుకు బాగా పట్టింది. కానీ జవాబు ఆవిడకి చెప్పలేదు, ఇంజనీరుగారికి చెప్పాడు.

"మంచి ఆలోచనండీ. మీలాంటి అనుభవజ్ఞుల బుర్ర అంటే మాటలా! మీరు ముందుండి నడిపితే ఇవాళే మొదలుపెడదాం. కాగితాలన్నీ మీ పేరు మీదే ఉండాలి. అమ్మాయి సాయంగా ఉంటుంది."

కోడలి మొహం మారలేదు. సంచి పట్టీ మీద వేళ్లు మాత్రం బిగిశాయి.

ఇన్నేళ్లుగా ఊరందరికీ బొమ్మలు పంచిన మనిషి. తన పేరు మీద ఒక్క బోర్డయినా చూసుకోవాలని లేదా అంటే, ఎందుకుండదు! తల ఊపితే చాలు, ఇక్కడే అంతా అయిపోతుంది, గడువులోపే.

"మీరు పొరబడ్డారు" అన్నారు ఇంజనీరుగారు. "నేను గీసింది ఇది కాదు. నాది తప్పిపోయింది, పొద్దున్నే. ఎవరికి అమ్మాలో కూడా నాకు తెలీలేదు. ఇది మా కోడలు కట్టిన పని. సాయంగా ఉండేది నేను, అదీ తను ఒప్పుకుంటే. కాగితాలు తన పేరు మీద కుదరవంటే చెప్పండి, ఇంకో షాపుకి వెళ్తాం."

ఆ మాట అనేటప్పుడు ఆయన ఛాతీ ఎంత పొంగిందంటే, షాపాయన కూడా సర్దుకుని కూర్చున్నాడు. మిల్లులో పెద్ద యంత్రాన్ని మొదటిసారి తిప్పినరోజు కూడా ఆయనకింత గర్వం కలగలేదు.

షాపాయన కాసేపు గల్లాపెట్టె తాళం తిప్పాడు. "ఇప్పుడే ఒక కాల్ వచ్చింది. ఇంకా ఎవరూ వెళ్లలేదు. అమ్మా, మీరే మాట్లాడండి. చూద్దాం."

కోడలు ఫోను అందుకుంది. అవతల ఒక పెద్దావిడ.

"మెషిన్‌లో నీళ్లు నిలిచిపోయాయా అండీ, పోతున్నాయా?... పోతున్నాయి. మోటారు చప్పుడు వస్తోందా?... మూలుగుతోంది, డ్రమ్ము కదలట్లేదు. సరే. ముందు ప్లగ్గు పీకెయ్యండి. పీకారా? ఇప్పుడు మూత తీసి డ్రమ్మును చేత్తో తిప్పండి. బరువుగా ఉందా, తేలిగ్గానా?... మరీ తేలిగ్గా తిరుగుతోందా? రబ్బరు కాలిన వాసనేమైనా వచ్చిందా నిన్నగాని మొన్నగాని?... వచ్చింది. వెనకున్న స్టిక్కరు ఒక ఫొటో తీసి పంపండమ్మా."

ఫొటో వచ్చింది. మోడల్ చూసి ఆ కొలత బెల్టు తీసింది. కాస్త ఆలోచించి కెపాసిటర్ కూడా పెట్టింది. "బెల్టే అనుకుంటున్నాను. కానీ మూలుగు ఉంది కాబట్టి ఇదీ ఉండనివ్వండి. అక్కర్లేకపోతే వెనక్కి వస్తుంది" అని సంచి షాపు మెకానిక్ చేతికిచ్చింది.

సంచి వెళ్లిపోయింది. ముగ్గురూ వీధివైపు చూస్తూ కూర్చున్నారు.

మెకానిక్ తిరిగి రాలేదు గానీ, కొడుకు వచ్చాడు. గంటక్కని అడిగి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"నీ మేనేజరుతో మాట్లాడాను. మావాడే కదా, కాలేజీ రోజుల నుంచీ తెలిసినవాడు. రాజీనామా వెనక్కి తీసుకుంటోందని చెప్పేశాను. రేపు మామూలుగా రమ్మన్నాడు. నువ్వొక ముక్క రాసి పంపిస్తే సరిపోతుంది."

షాపాయన ఉన్నట్టుండి ఫ్యాను రెక్కల్ని శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

ఇంజనీరుగారికి ఒళ్లు మండింది. నోరు తెరిచారు. కొడుకు మొహం చూసి మూసుకున్నారు. వాడిది పెత్తనం కాదు, భయం. రాత్రి నిద్రపోయినట్టు లేడు, కళ్లు ఎర్రబడ్డాయి. అయినా చేసింది తప్పే.

"రాయాల్సింది నేనేగా?" అంది కోడలు.

"ఊ."

"అయితే ఇంకా ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోలేదన్నమాట."

"నీకర్థం కావడం లేదు. ఇది దెబ్బతింటే..."

ఆవిడ ఫోను మోగింది. షాపు మెకానిక్. కోడలు నంబరు చూసి, ఎత్తకుండా, ఫోను భర్త చేతిలో పెట్టింది.

"మీరే కనుక్కోండి."

కొడుకు బిక్కమొహం వేసుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు అందరికీ వినిపించేంత పెద్దది. "మేడమ్ లేరా సార్? బెల్టే తెగింది. ఇచ్చింది సరిగ్గా సరిపోయింది. తిరుగుతోంది. రెండోది వాడలేదు, తెచ్చేస్తున్నా."

"ఇంకోసారి వెళ్లక్కర్లేదా?" అన్నాడు కొడుకు. అడగాలని అడిగింది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఎందుకు సార్? అయిపోయిందిగా."

షాపాయన గల్లా మీద అరచేత్తో చరిచాడు. ఇంజనీరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలు కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

కొడుకు ఫోను ఇంకా వెనక్కి ఇవ్వలేదు. అందులో ఏదో అర్థంకాని సంగతి ఉన్నట్టు దానివైపే చూస్తున్నాడు.

"ఒక్క మెషినే కదా" అన్నాడు చివరికి, కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"ఒక్కటే. రేపు నా అంచనా తప్పొచ్చు కూడా" అంది కోడలు. "తప్పినా నాదే కావాలి. మీరు నా తరఫున భయపడండి, కాదనను. నా తరఫున మాట మాత్రం ఇవ్వకండి."

అతను తలెత్తి భార్యని చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

అప్పుడే ఫోను మళ్లీ మోగింది. ఈసారి మేనేజరు. రాసి పంపుతానన్న ముక్క ఇంకా రాలేదని కాబోలు.

కోడలు చెయ్యి చాపలేదు. "ఎత్తండి. మీరు మొదలుపెట్టిన మాట మీరే పూర్తిచెయ్యండి."

కొడుకు తండ్రివైపు తిరిగాడు. ఇంజనీరుగారు చూపు తప్పించలేదు, సాయమూ చెయ్యలేదు.

కొడుకు ఫోను ఎత్తాడు.

"ఒరేయ్, నేనేరా" అన్నాడు. "పొద్దున నీకో మాట చెప్పాను కదా..."

గొంతు సవరించుకున్నాడు. "అది నా మాట, తనది కాదు. రాజీనామా అలాగే ఉండనీ."